ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి వస్తుందో ఊళ్లోనే బోర్డు పెట్టాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. రిజిస్ట్రేషన్ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ని. కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన దృశ్యం ఒక్కటే. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు, ఇంట్లో ముసలివాళ్లు అందరూ కారు మాట్లాడుకుని వచ్చి, కాగితాలన్నీ చేతిలో పెట్టాక, “ఈ ఊరు మా ఆఫీసు కిందికి రాదండీ” అనే మాట విని వెనక్కి తిరగడం. ఇది ఇప్పటికీ జరుగుతోంది. తప్పు జనానిది కాదు. ఏ ఊరు ఏ ఆఫీసుదో తేలిగ్గా తెలిసే ఏర్పాటు లేకపోవడమే దీనికి కారణం.

ముందుగా ఒక విషయం చెప్పాలి. చాలామంది మండలం పేరు చూసి ఆఫీసు ఊహిస్తారు. ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. మన రాష్ట్రంలో మండలాలు వచ్చింది 1985లో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు అంతకు ఎంతో ముందు, తాలూకాలు, ఫిర్కాలు ఉన్న కాలం నుంచే ఉన్నాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వం రిజిస్ట్రేషన్ జిల్లాలను, సబ్ జిల్లాలను గెజిట్ నోటిఫికేషన్ ద్వారా ఏర్పాటు చేస్తుంది. ఏ సబ్ జిల్లాలోకి ఏ ఊళ్లు వస్తాయో అందులోనే ఉంటుంది. అందుకే ఒకే మండలంలో కొన్ని ఊళ్లు ఒక ఆఫీసుకు, మిగతావి ఇంకో ఆఫీసుకు వెళ్లడం మామూలే. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. కలెక్టరేట్ మారింది కదా, రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా మారిందేమో అని కొందరు కంగారు పడుతున్నారు. అవి రెండూ వేర్వేరు లెక్కలు. జిల్లా పేరు మారినంత మాత్రాన ఊరు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోదు. దానికి వేరే నోటిఫికేషన్ కావాలి.

పట్టణాల్లోనూ ఇంతే. విజయవాడనే తీసుకుంటే పటమట, గుణదల, గాంధీనగర్ అని వేర్వేరు ఆఫీసులున్నాయి. “విజయవాడలో ఫ్లాట్” అంటే సరిపోదు, ఆ స్థలం ఏ ఆఫీసు పరిధిలో ఉందో చూడాల్సిందే.

మా వీధిలో ఒక అబ్బాయి ఈమధ్య 60 సెంట్ల పొలం కొన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. కొన్న పొలం ఒక చిన్న పేట దగ్గర. ఊళ్లో అందరూ ఆ పేట పేరే అంటారు, ఆధార్ కార్డులోనూ అదే. పిన్‌కోడ్ మాత్రం పక్క మండలంలోని పోస్టాఫీసుది. దస్తావేజు రాసిన ఆయన పాత లింకు డాక్యుమెంటు ముందు పెట్టుకుని షెడ్యూలు ఉన్నదున్నట్టు దించేశాడు. “ఫలానా సబ్ రిజిస్ట్రారు వారి ఇలాకా” అని అందులో ఏముందో అదే మళ్లీ రాశాడు. తీరా ఆఫీసుకు వెళ్తే, ఆ పేట ఒక రెవెన్యూ గ్రామానికి శివారు అని, ఆ రెవెన్యూ గ్రామం కొన్నేళ్ల కిందటే కొత్తగా వచ్చిన ఇంకో ఆఫీసుకు మారిందని తేలింది. పాత ఆఫీసు వాళ్లు తీసుకోలేదు. ఆ రోజుకు పని ఆగిపోయింది. సాక్షులను మళ్లీ బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కీలకమైన మాట రెవెన్యూ గ్రామం. ఆఫీసు జాబితాలో ఉండేది ఆ పేరే. పేటలు, కాలనీలు, తండాలు, పంచాయతీ విడిపోయి పుట్టిన కొత్త పేర్లు అందులో దొరకకపోవచ్చు. పొలమైతే 1-బి గానీ అడంగల్ గానీ చూస్తే ఆ పేరు తెలుస్తుంది. meebhoomi.ap.gov.in లో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు కొడితే, నంబరు ఏ గ్రామం కింద దొరుకుతుందో అదే మీ రెవెన్యూ గ్రామం. ఇంటిపన్ను రసీదు మీద ఆధారపడొద్దు, దాని మీద పంచాయతీ పేరు ఉంటుంది. సరైన పేరు తెలిశాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ registration.ap.gov.in లో మార్కెట్ విలువ వెతికే చోట ఆ గ్రామాన్ని చూడండి. చివరగా ఆఫీసులో ఉండే గ్రామాల జాబితాతో సరిపోల్చుకోండి, కుదరకపోతే ఫోన్ చేసి రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు రెండూ చెప్పి అడగండి. ఒక్క ఊరి పేరు చెప్పి అడిగితే, అదే పేరుతో ఇంకో మండలంలో ఉన్న ఊరి గురించి జవాబు వచ్చే ప్రమాదం ఉంది.

పొరపాటున వేరే ఆఫీసుకు వెళ్తే ఏమవుతుందని కొందరు తేలిగ్గా అడుగుతారు. చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి పత్రాన్ని ఆ ఆస్తి మొత్తం గానీ కొంత భాగం గానీ ఏ సబ్ జిల్లాలో ఉందో అక్కడే దాఖలు చేయాలి. అన్నదమ్ముల పంపకాల పత్రంలో రెండు ఆఫీసుల పరిధిలోని భూములుంటే రెండింటిలో ఏదో ఒకచోట చేయించవచ్చు. రెండో ఆఫీసుకు మెమో వెళ్తుంది. వీలునామాకైతే ఈ బాధే లేదు, ఎక్కడైనా చేయించుకోవచ్చు. కానీ మామూలు అమ్మకం పత్రం ఒక్క సర్వే నంబరుదైతే వెసులుబాటు తక్కువ. ఏ ఆఫీసులోనైనా చేయించుకునే సౌకర్యం గురించి చాలామంది వినే ఉంటారు. దాన్ని వాడుకున్నా మార్కెట్ విలువ, 22-ఎ నిషేధిత భూముల జాబితా ఊరి సొంత ఆఫీసు రికార్డు ప్రకారమే చూడాలి. కాబట్టి ముందుగా ఆ ఆఫీసు ఏదో తెలియాలి.

ఇందులో జనానికి తెలియని అన్యాయం ఒకటుంది. రిజిస్ట్రేషన్ చేయనంటే సబ్ రిజిస్ట్రార్ కారణాలు రాసి, రెండో నంబరు పుస్తకంలో ఎక్కించాలని 71వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆస్తి తన పరిధిలో లేదనే కారణానికి మాత్రం ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. అంటే అలా తిప్పి పంపినప్పుడు ఆయన రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాల్సిన పని లేదు. మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఎక్కడికి వెళ్లాలో నోటి మాటే. అటు పత్రం మీద సంతకాలు అయిపోయి ఉంటే నాలుగు నెలల గడువు సంతకం తేదీ నుంచి నడుస్తూనే ఉంటుంది. అది దాటితే జరిమానా కట్టుకుని, అనుమతి తీసుకుని చేయించుకోవాలి.

ఇక ఆఫీసు దగ్గరని, పని త్వరగా అవుతుందని ఆశపెట్టి, ఆ ఆఫీసు పరిధిలోని ఏదో చిన్న ముక్కను షెడ్యూల్లో చేర్చమనే మధ్యవర్తులు ఉన్నారు. ఆ మాట అసలు వినకండి. కలకత్తాలో ఉందంటూ అసలు లేనే లేని ఇంటిని పత్రంలో చేర్చి అక్కడ రిజిస్టర్ చేయించిన కేసులో 1914లోనే, అప్పట్లో అన్నిటికంటే పై కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ ఆ రిజిస్ట్రేషన్ చెల్లదని తేల్చింది. అప్పు ఇచ్చినవాళ్లకు ఆ తాకట్టు కాగితం పనికిరాకుండా పోయింది. లేని ఆస్తిని గానీ, చేతులు మారే ఉద్దేశమే లేని ఆస్తిని గానీ చేర్చి ఆఫీసు సంపాదించుకుంటే అది చట్టాన్ని మోసం చేయడమే అవుతుంది.

ఆఫీసు మారిన ఊళ్లకు ఇంకో పెద్ద చిక్కుంది. అది ఈసీది, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే సర్టిఫికెట్‌ది. ఒక ఊరు 2008 దాకా పాత ఆఫీసులో ఉండి, ఆ తర్వాత కొత్త ఆఫీసుకు వచ్చిందనుకుందాం. అమ్మేవాడి తండ్రి ఆ పొలాన్ని 1994లో కొని, 1999లో తాకట్టు పెట్టాడు. ఆ రెండు పత్రాలూ రిజిస్టరైంది పాత ఆఫీసులో. కొనేవాడు కొత్త ఆఫీసు పేరు మీద మాత్రమే ఈసీ తీస్తే, 2008 తర్వాతి లావాదేవీలే కనిపించి, ఏ బాకీ లేదన్నట్టు ఉండొచ్చు. అది చూసి డబ్బు ఇచ్చేస్తారు. తాకట్టు సంగతి తర్వాత బయటపడుతుంది. అందుకే మార్పు తేదీకి ముందుదంతా పాత ఆఫీసు పేరు మీద, తర్వాతది కొత్త ఆఫీసు పేరు మీద రెండు ఈసీలు తీయాలి. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 జనవరి 1 నుంచే. అంతకు ముందుది కావాలంటే పుస్తకాలు ఎక్కడున్నాయో అక్కడికే వెళ్లి వెతికించుకోవాలి. చాలాచోట్ల ఆ పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉంటాయి. కాబట్టి “ఇప్పుడు మా ఊరు ఏ ఆఫీసుది” అని మాత్రమే అడిగితే చాలదు. “అంతకు ముందు ఏది, ఏ తేదీన మారింది” అని కూడా అడగాలి.

తెలంగాణలో భూములున్న మన పాఠకులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ 2020 అక్టోబరు చివర ధరణి వచ్చినప్పటి నుంచి, ఇప్పుడు భూభారతిలోనూ, వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే. ఇల్లు, ఫ్లాటు, ఇళ్ల స్థలం మాత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర. అక్కడ ఆఫీసు వెతికే ముందు భూమి రకం ఏమిటో తేల్చుకోవాలి.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి గ్రామ సచివాలయంలో, వార్డు సచివాలయంలో ఒక బోర్డు పెట్టండి. దాని మీద రెవెన్యూ గ్రామం పేరు, దాని శివారు పేటల పేర్లు, ఇప్పటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, అంతకు ముందున్న ఆఫీసు, మార్పు జరిగిన తేదీ రాయించండి. వెబ్‌సైట్‌లో కూడా పేట పేరు కొట్టినా ఇదే సమాచారం తెలుగులో కనిపించాలి. ఆ జాబితా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉంది, కొత్తగా సర్వే చేయాల్సిన పని లేదు. పరిధి కాదని ఎవరినైనా తిప్పి పంపితే, చట్టం అడగకపోయినా, సరైన ఆఫీసు పేరు రాసి, తేదీ వేసి, స్టాంపు కొట్టిన చీటీ ఒకటి చేతికివ్వమని రిజిస్ట్రేషన్ శాఖ ఐజీ గారు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఊళ్లను ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మార్చిన ప్రతిసారీ ఆ ఊళ్లో దండోరా వేయించి, మీలాంటి పత్రికల జిల్లా పేజీల్లో ఊళ్ల జాబితాతో ప్రకటన ఇవ్వాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
రిజిస్ట్రేషన్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
పశ్చిమ గోదావరి జిల్లా