బెంగళూరు ఇంటి అడ్వాన్సు గురించి అమ్మ రాస్తున్నది

చిన్నా,

మారతహళ్లిలో నువ్వు చూసిన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు బాగానే ఉంది, వీడియో చూశాను. వంటగదికి కిటికీ ఉంది, అది చాలు నాకు. అద్దె 18,000 అనగానే నీ జీతంలో సరిపోతుందని లెక్కేసుకుని ఉంటావు. తాళం చేతికి రావడానికి ఎంత కావాలో చూడు. ఆరు నెలల అడ్వాన్సు 1,08,000. మొదటి నెల అద్దె 18,000, మెయింటెనెన్సు 2,000. బ్రోకరుకి ఒక నెల అద్దె, అదో 18,000. మొత్తం 1,46,000. అగ్రిమెంటు ఖర్చు, సామాను ఆటో ఇంకా వేయలేదు. మన తెనాలిలో రెండు నెలలు అడ్వాన్సిస్తే పెద్దిల్లు ఇస్తారు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలు అడిగేవారట, ఆరుకి దిగడమే మేలనుకోవాలి. కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం రెండు నెలలు మించొద్దంటుంది గానీ, దాన్ని రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. ఓనరు ముందు అది చదివితే ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆయన ఇంకో బేరం పెట్టాడన్నావు కదా, అడ్వాన్సు నాలుగు నెలలకి తగ్గిస్తాను, అద్దె 19,000 ఇవ్వమని. చేతిలో డబ్బు తక్కువున్నవాడికి అది తీపిగానే ఉంటుంది. లెక్క చూడు: నాలుగు నెలల అడ్వాన్సు 76,000, అద్దె 19,000, మెయింటెనెన్సు 2,000, బ్రోకరు 19,000, కలిపి 1,16,000. ఇప్పుడు నీకు మిగిలేది 30,000. దానికి నువ్వు నెలనెలా వెయ్యి ఎక్కువ కడతావు, పదకొండు నెలలకి 11,000. అదే 30,000 మన వీధిలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా నెలకి 600, పదకొండు నెలలకి 6,600. పైగా అప్పు నీ జీతంలోంచి తీర్చేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, అద్దె మాత్రం తగ్గదు. ఏటా ఐదు శాతం పెంచేది కూడా 19,000 మీదే. అందుకని ఆరు నెలలకే ఒప్పుకో. నా చీటీ డబ్బు లక్ష ఉంది, మిగతాది పిన్ని దగ్గర తీసుకుంటాను.

అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బని ధీమాగా ఉండకు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోస్తారు, అగ్రిమెంటులో ఆ వాక్యం వెతుకు. ఉంటే, ఏడాది లోపు ఖాళీ చేసినా కోస్తారా అని అడుగు, అసలు బిల్లు ప్రకారమే తీసుకోవాలని రాయించడానికి ప్రయత్నించు. సామాను దించకముందే గోడలు, కుళాయిలు, గీజరు వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపు. పాత మరక నీ ఖాతాలో పడకుండా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రేపు వేరే ఇంటికి మారాలంటే కొత్త ఓనరుకి అడ్వాన్సు ముందే ఇవ్వాలి, పాతాయన ఖాళీ చేశాక గానీ ఇవ్వడు. ఆ మధ్యలో రెండు అడ్వాన్సులు నీ మీదే ఉంటాయి.

తిరిగి రానిది బ్రోకరు డబ్బు. అందుకే అక్కడ గట్టిగా బేరమాడు, పదిహేను రోజుల అద్దెకి రాకపోతే 15,000కైనా దించు. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక, తాళం చేతికొచ్చాకే ఇవ్వు. రెన్యువల్‌కి మళ్లీ అడుగుతాడేమో ఇప్పుడే తేల్చుకో. టోకెన్ అతనికి ఇవ్వకు, ఓనరు ఖాతాకే పంపు. "టోకెన్ అడ్వాన్సులో కలుపుకుంటాను, నా వైపు నుంచి కుదరకపోతే వెనక్కిస్తాను" అని ఆయన చేత మెసేజ్ పెట్టించుకో. ఇల్లు చూడకుండా టోకెన్ పంపమనేవాడెవడైనా తగిలితే, మిలిటరీ ఆఫీసరునని గుర్తింపు కార్డు ఫొటో పెట్టినా సరే, ఫోన్ కట్ చెయ్యి.

18వ తేదీన దిగుతానన్నావు. ముప్పై రోజుల నెలలో ఆ 13 రోజులకి 7,800 అవుతుంది, మొదటి నెల పూర్తి అద్దె ఎందుకివ్వాలో అడుగు. కానీ అక్కడ మిగిలిన పదివేలూ ఖర్చు పెట్టేయకు, ఒకటో తేదీ వెంటనే వస్తుంది. నెల చివర్లో చేరినవాళ్ల జీతం చాలా కంపెనీలు తర్వాతి నెలలో కలిపి వేస్తాయి, మీ హెచ్‌ఆర్‌ని కనుక్కో.

ఓనరు ఖాతా వివరాలు, అగ్రిమెంటు నకలు పంపు. అడ్వాన్సు నా ఖాతా నుంచే వేస్తాను. ఫలానా తేదీన ఫలానా ఖాతా నుంచి 1,08,000 అందిందని అందులో రాయించు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వెనక్కిస్తాడో కూడా రాయించు. నాన్నగారు కరెంటు మీటరు రీడింగు ఫొటో మర్చిపోవద్దన్నారు.

అమ్మ