పదాలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి

సంపాదకుడిగారికి,

మీ లేఖల పేజీ అడుగున ‘500 పదాలకు మించరాదు’ అని వేస్తుంటారు. తెలుగులో ఆ కొలత ఎందుకు పనికిరాదో మా నీటి సంఘం మెసేజ్ ఒకటి చూపించి చెబుతాను.

ఏటా వేసవిలో మా కాలువలు కట్టేస్తారు. మళ్లీ ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలేదాకా మా వైపు చాలా ఊళ్లకు చెరువు నీళ్లే దిక్కు. అందుకని కట్టేసే లోపే చెరువులు నింపుకోమని రైతుల ఫోన్లకు మెసేజ్ పెడతాం. అది రాసే పని నాది. ఒక ఏడాది పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో వాక్యం ఇలా ఉంది:

“కాలువలు మూసివేయబడుతున్నందువలన రైతులందరూ తమ తమ గ్రామాలలోని మంచినీటి చెరువులను నింపుకోవలసిందిగా కోరుచున్నాము.”

ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేరినా ఆ హద్దు 70కి పడిపోతుంది. దాటితే రెండో మెసేజ్ కింద లెక్క, డబ్బూ రెండింతలు. పై వాక్యంలో పదాలు పదే. కానీ ఖాళీలతో, చుక్కతో కలిపి ఫోన్ లెక్కలో 107 అక్షరాలు.

తగ్గించమని మా కుర్రాడికి ఇచ్చాను. ‘తమతమ’ అని కలిపేశాడు, ‘మంచినీటిచెరువులను’ అని అతికించాడు. “బాబాయ్, రెండు పదాలు లేపేశాను” అన్నాడు. నిజమే, పదాలు 8 అయ్యాయి. అక్షరాలు మాత్రం 105. పోయినవి రెండు ఖాళీలు!

తర్వాత నేను ఇలా మార్చాను: “కాలువలు కట్టేస్తారు. ఈలోగా మీ ఊరి మంచినీటి చెరువు నింపుకోండి.” ఇవీ 8 పదాలే. అక్షరాలు 61. ఒక్క మెసేజ్‌లో సరిపోయింది, ఇంకా 9 మిగిలాయి. ఆ జాగాలో ‘15న’ అని తేదీ పెట్టాను. అంత పొడుగు వాక్యంలో లేనిది అదొక్కటే.

ఎక్కడ తగ్గిందో చూడండి. ‘మూసివేయబడుతున్నందువలన’ అనేది లెక్కకు ఒక్క పదం. విప్పితే మూసి, వేయ, బడుతు, ఉన్న, అందు, వలన అని ఆరు ముక్కలు, 21 అక్షరాలు. మన భాషలో బరువంతా ఇలా మాట తోకలో ఉంటుంది. పదాలు లెక్కపెట్టేవాడికి ఆ తోక కనపడదు. ‘బడు’ తీసేసి, కారణం చెప్పే ‘అందువలన’ బదులు చుక్క పెట్టి రెండు వాక్యాలు చేస్తే ఆ మాట 11 అక్షరాల ‘కట్టేస్తారు’ అయింది.

అలాగని తోకలన్నీ కోసేయకూడదు. ‘చెరువును నింపండి’లో ‘ను’ లేకపోయినా అర్థం చెడదు, ఎందుకంటే చెరువు తనంతట తాను నింపదు. ‘రైతును పిలిచారు’లో ‘ను’ తీస్తే మాత్రం పిలిచింది రైతే అవుతాడు. మనుషుల దగ్గర ఆ ఒక్క అక్షరం ఉండాల్సిందే.

మా అమ్మాయి పరీక్షలోనూ ఇదే తంతు. పేరాను మూడో వంతుకు కుదించమన్నారు. పిల్లలు సంధులు కలిపి పదాల లెక్క తెచ్చేశారు, పేరా మాత్రం సగం కూడా తగ్గలేదు. మాటలు విడివిడిగా, శుభ్రంగా రాసిన పిల్లలకు ‘పదాలు ఎక్కువ’ అని మార్కులు కోశారు.

మీ పేజీకి వద్దాం. ఆ కాగితం భాషలో 500 పదాలు రాస్తే, ఆ లెక్కన 5,350 అక్షరాలు. నేను మార్చిన తీరులో రాస్తే సుమారు 3,800. ఒకే నియమం కింద మెలికలు తిప్పి రాసేవాళ్లకు ఎక్కువ జాగా దొరుకుతోంది, సూటిగా రాసేవాళ్లకు తక్కువ.

అక్షరాల లెక్కలోనూ ఓ తిరకాసు ఉందని ఒప్పుకుంటాను. ‘కట్టేస్తారు’ మన కంటికి నాలుగక్షరాలు: క, ట్టే, స్తా, రు. ఫోన్‌కు గుణింతం గుర్తు వేరు, వత్తు కోసం పెట్టే పొల్లు వేరు, అందుకే 11 అంటుంది. ‘స్త్రీ’ మనకు ఒకటి, దానికి ఆరు. పైగా అచ్చులో చాలా వత్తులు కిందికి వేలాడతాయి గానీ కాలమ్‌లో అడ్డంగా చోటు తినవు. కాబట్టి ఈ లెక్క కాలమ్ వెడల్పుతో అచ్చంగా సరిపోదు. అయినా పదాల లెక్కకన్నా ఎంతో దగ్గర. అతికిస్తే ఖాళీలు తప్ప ఏమీ తగ్గవు కాబట్టి మోసం కూడా కుదరదు.

అందుకని ‘500 పదాలు’ బదులు ‘ఖాళీలతో కలిపి, కంప్యూటర్ లెక్కలో 4,000 అక్షరాలు’ అని వేయండి. ఏ లెక్కో పక్కనే రాయకపోతే స్త్రీ ఒకటా ఆరా అని మీకు ఫోన్లు వస్తాయి.

ఈ లేఖ 500 పదాల లోపే ఉంది, ఏదీ అతికించలేదు. అక్షరాలు ఎక్కువయ్యాయనిపిస్తే మా అమ్మాయి పరీక్ష సంగతి తీసేయండి, మెసేజ్ మాత్రం ఉంచండి.

– ఒక రైతు, పాలకొల్లు