మన కూరల గ్రేవీ గురించి, ఉన్నది ఉన్నట్టు

"అక్కా, ఈమధ్య మీ ఎగ్ కర్రీ తింటుంటే ఎర్రగడ్డ పలుకులు పలుకులుగా పంటికి తగులుతోంది, పచ్చి వాసన కూడా వస్తోంది. టమోటాలు ఏమన్నా మార్చినారా?" అని మన కర్రీ పాయింట్‌కు వచ్చేవాళ్లు అడుగుతున్నారు.

టమోటాలు మార్చలేదు. వాటిని వేసే వేళ మార్చాం. తప్పు నాదే.

మన కర్రీ పాయింట్‌లో ఎగ్ కర్రీ, పనీర్, మిక్స్‌డ్ వెజ్ మూడింటికీ అడుగున ఉండేది ఒకటే గ్రేవీ. రోజుకు ఐదు కిలోల ఎర్రగడ్డలు వేగాలి. పెద్ద బాణలిలో అది ముప్పావు గంట పని. పది రోజుల కిందట మధ్యాహ్నం పార్సిళ్లు ఎక్కువై, పొయ్యి దగ్గరున్న అబ్బాయికి "మగ్గింది చాలు, టమోటా వేసెయ్" అని నేనే చెప్పాను. అప్పటికి పావుగంటే అయింది. ముక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, చూడటానికి ఉడికినట్టే ఉన్నాయి. మర్నాడు అదే వాడుక అయిపోయింది.

కందిపప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. పప్పు బిరుసెక్కి ఒక పట్టాన మెత్తబడదు. ఎర్రగడ్డకూ అంతే. దాని కణాలను అతికించి పట్టుకునే పెక్టిన్ పులుపు తగిలితే తొందరగా కరగదు. టమోటా పడిన క్షణంలో ముక్క ఎంత మెత్తగా ఉందో, దాదాపు అక్కడే ఆగిపోతుంది. పైగా టమోటా నీళ్లు దిగాక బాణలిలో వేగడం ఆగి ఉడకడం మొదలవుతుంది. ఇక ఎరుపు రాదు, ఆ తీపీ రాదు. మీకు తగిలిన పచ్చి వాసన అక్కడిదే.

మిక్సీలో ఇంకోసారి తిప్పితే సరిపోతుందనుకున్నాను. చెంచాడు గ్రేవీ స్టీలు పళ్లెంలో వేసి బొటనవేలితో పలచగా రాస్తే తెల్లటి నలకలు కనిపించాయి. మిక్సీ వాటిని చిన్నవి చేసింది కానీ మెత్తగా చేయలేదు. కిలో ఎర్రగడ్డలు చొప్పున రెండు బాణలిల్లో వేరువేరుగా చేసి చూశాను. రెండిటికీ నూటయాభై గ్రాముల నూనె, ఆరువందల గ్రాముల టమోటాలు. ఒకదానిలో ఎనిమిది నిమిషాలకు టమోటా వేశాను, రెండోదానిలో ఎర్రగడ్డ అంచులు లేత గోధుమరంగుకు తిరిగాక, దాదాపు పాతిక నిమిషాలకు. రుబ్బి పళ్లెంలో రాస్తే మొదటిదానిలో అవే నలకలు. రెండోది వెన్నలా సాగింది.

కాబట్టి ఇప్పుడు గడియారం చూడటం మానేశాం. ఎర్రగడ్డలు నూనెలో పడగానే కాస్త ఉప్పు వేస్తాం, నీరు దిగి తొందరగా మగ్గుతాయి. అంచులు రంగు తిరిగాక ఒక ముక్కను గరిటెతో తీసి, చల్లారాక రెండు వేళ్ల మధ్య నొక్కుతాం. నార తగలకుండా నలిగిపోవాలి. అప్పుడే అల్లం, తెల్లగడ్డ ముద్ద. దాని పచ్చి వాసన పోయాక సెగ తగ్గించి పసుపు, కారం, ఆ వెంటనే టమోటా. మరీ ముదురు రంగు దాకా వేయించినా చేటే. నాలుగు మాడిన ముక్కలున్నా రుబ్బేసరికి చేదు మొత్తానికీ పాకుతుంది, ఏరి తీసేయడానికి వీలుండదు.

టమోటా దగ్గరిపడి నూనె పక్కలకు తేలాక దించి, చల్లారబెట్టి రుబ్బుతాం. వేడిగా తిప్పితే మిక్సీ మూత ఎగిరి గోడంతా కూరే (మా గోడ మీద గుర్తు ఇంకా ఉంది). రుబ్బగానే నూనె ముద్దలో కలిసి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కంగారుపడి కారం వేయొద్దు. మళ్లీ పొయ్యి మీద పెట్టి సన్నసెగన నూనె తేలేదాకా కలిపితే రంగు దానంతట అదే తిరిగొస్తుంది. నాటు టమోటాలైతే పులుపెక్కువ, కిలో ఎర్రగడ్డలకు ఐదువందల గ్రాములతో ఆపేస్తాం.

ఇంట్లో ఎప్పుడైనా తొందరపడి టమోటా ముందే వేసేస్తే పారబోయకండి. కాసిని నీళ్లు పోసి కుక్కర్లో మూడు విజిళ్లు రానిచ్చి రుబ్బండి. కుక్కర్ వేడికి ఎర్రగడ్డ మెత్తబడుతుంది, నలకలు చాలావరకు పోతాయి. వేయించిన తీపి మాత్రం రాదు.

రేపటి నుంచి ఎగ్ కర్రీ, పనీర్ పన్నెండుకు కాదు, పన్నెండున్నరకు దొరుకుతాయి. పప్పు, వేపుళ్లు, రసం ఎప్పటిలాగే పన్నెండుకే. ఈ పది రోజుల్లో ఎగ్ కర్రీ తీసుకెళ్లి సగం వదిలేసినవాళ్లు కౌంటర్లో ఒక మాట చెప్పండి, ఇంకో పార్సిల్ కట్టిస్తాను, డబ్బులొద్దు.