డైరెక్ట్ అని రాసిచ్చిన ఫారానికి రెగ్యులర్ ప్లాన్ ఎలా వచ్చింది?

తిరుపతి,
14 జులై 2025

ఇన్వెస్టర్ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో డైరెక్ట్ ప్లాన్ అడిగితే రెగ్యులర్ ప్లాన్‌లో యూనిట్లు ఇవ్వడం గురించి, మీ 2 జులై జవాబు మీద నా అభ్యంతరం.

అయ్యా,

2022 జులై నుంచి మీ నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 5,000 రూపాయలు సిప్ కడుతున్నాను. గత నెలతో 36 వాయిదాలు పూర్తయ్యాయి. మే నెలలో స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే పథకం పేరు పక్కన ‘రెగ్యులర్’ అని ఉంది. అంటే డిస్ట్రిబ్యూటర్ ద్వారా కట్టే ప్లాన్. నేను అడిగింది డైరెక్ట్, మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా మీకే కట్టేది. వెంటనే తిరుపతిలోని మీ బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. మీ నుంచి వచ్చిన జవాబు సారాంశం ఇది: రెండు ప్లాన్ల డబ్బూ ఒకే షేర్లలో ఉంటుంది, మూడేళ్లలో మీకు వచ్చిన తేడా సుమారు 2,600 రూపాయలు మాత్రమే, కావాలంటే మీరే డైరెక్ట్‌కు మారవచ్చు.

ఆ ‘మాత్రమే’ అన్న మాట దగ్గరే నా బాధంతా ఉంది. అందుకే మళ్లీ రాస్తున్నాను.

ముందు ఫారం సంగతి. నా దగ్గరున్న జిరాక్స్‌లో ప్లాన్ గడిలో నా చేత్తో ‘డైరెక్ట్’ అని రాసి ఉంది. డిస్ట్రిబ్యూటర్ ఎవరో తెలిపే ఏఆర్ఎన్ నంబరు గడి ఖాళీగా ఉంది. మీరు పంపిన స్కాన్ కాపీలో అదే గడిలో వేరే సిరాతో, వేరే చేతిరాతతో ఒక నంబరు ఉంది. అది ఎవరు రాశారో మీరే తేల్చాలి. నిజానికి అది తేలకపోయినా జవాబు మారదు. నంబరు ఉన్నా సరే, మదుపరి ప్లాన్ గడిలో డైరెక్ట్ అని రాసి ఉంటే దరఖాస్తును డైరెక్ట్‌గానే తీసుకోవాలని మీ పథక పత్రంలోని పట్టికలోనే ఉంది. ప్లాన్ గడి ఖాళీగా వదిలేసి నంబరు మాత్రం ఉంటేనో, రెగ్యులర్ అని రాసి నంబరు ఉంటేనో రెగ్యులర్ అవుతుంది. నాది ఆ రెండింటిలో ఏదీ కాదు.

ఇక ‘ఒకే షేర్లు’ అన్న మాట. అది నిజమే, కానీ అది మీ వాదనకు కాదు, నా వాదనకే బలం. ఇండెక్స్ ఫండ్‌లో ఏ కంపెనీ షేరు కొనాలో మేనేజరు ఆలోచించి ఎంచుకోరు. నిఫ్టీలో ఏ 50 కంపెనీలు ఉండాలో ఎన్ఎస్ఈకి చెందిన సూచీల సంస్థ నిర్ణయిస్తుంది, ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తుంది. ప్రమోటర్ల చేతిలో ఉన్నవి పోగా మార్కెట్లో చేతులు మారడానికి అందుబాటులో ఉన్న షేర్ల మొత్తం విలువను బట్టి ఒక్కో కంపెనీకి ఎంత వాటా అన్నది తేలుతుంది. పెద్ద బ్యాంకుకు సూచీలో 10 శాతం వాటా ఉంటే, నేను కట్టే ప్రతి 100 రూపాయల్లో 10 రూపాయలు ఆ బ్యాంకు షేర్లలోకి పోతాయి. సమీక్షలో ఒక కంపెనీ సూచీలోంచి పోయి ఇంకొకటి వస్తే, ఫండ్ కూడా దాన్ని అమ్మి దీన్ని కొంటుంది. పని అంతే. కాబట్టి మీ రెగ్యులర్ మదుపరికీ డైరెక్ట్ మదుపరికీ షేర్లు ఒకటే, మేనేజరు ఒకరే, పెరిగే రోజులూ పడే రోజులూ ఒకటే. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో 13 శాతం పడింది. అలాంటి రోజున డైరెక్ట్ వాళ్లు కూడా తప్పించుకోలేరు. ఇద్దరి మధ్య తేడా ఒక్క ఖర్చులోనే ఉంది. మీ లెక్క ప్రకారమే డైరెక్ట్‌లో ఏడాదికి 0.2 శాతం, రెగ్యులర్‌లో 1 శాతం. ఆ 0.8 శాతంలో ఎక్కువ భాగం డిస్ట్రిబ్యూటర్ కమీషన్.

ఈ ఖర్చుకు బిల్లు రాదు, ఎస్సెమ్మెస్ రాదు. ఏడాది శాతాన్ని రోజులకు పంచి, ప్రతిరోజూ ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, ప్రకటించే ముందే తీసేస్తారు. లక్ష రూపాయల మీద 1 శాతం అంటే రోజుకు సుమారు 2 రూపాయల 74 పైసలు, 0.2 శాతం అయితే 55 పైసలు. మార్కెట్ పడిన రోజు కూడా ఈ కోత ఆగదు. మూడేళ్లు నాకు తెలియకపోవడానికి కారణం ఇదే.

ఫారం ఇచ్చిన రోజు మీ బ్రాంచిలో ఒక ఉద్యోగి నాతో అన్న మాట కూడా రికార్డులో ఉండాలి. ‘మేడమ్, డైరెక్ట్ ఎన్ఏవీ ఎక్కువ ఉంది, రెగ్యులర్‌లో అయితే అదే డబ్బుకు ఎక్కువ యూనిట్లు వస్తాయి’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. కానీ నా వెనక నిలబడిన పెద్దాయన తల ఊపారు. ఇది చాలా తప్పుడు మాట. డైరెక్ట్ ప్లాన్లు మొదలైంది 2013 జనవరి 1న. ఆ రోజు రెండు ప్లాన్ల ధరా దాదాపు ఒకటే. ఏటా 0.8 శాతం తేడాతో తొమ్మిదిన్నరేళ్లు నడిస్తే, రెగ్యులర్ ఎన్ఏవీ 100 ఉన్న చోట డైరెక్ట్‌ది 108 దగ్గర ఉంటుంది. అంటే ఆ ఎక్కువ ధర ఖరీదు కాదు, కోత పడకుండా మిగిలిన డబ్బు. యూనిట్లు ఎన్ని వచ్చాయన్నదానితో పని లేదు. కొన్న రోజున 5,000 రూపాయలకు ఎందులో అయినా 5,000 రూపాయల షేర్లే వస్తాయి. తేడా మర్నాటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు మీ 2,600 దగ్గరికి వస్తాను. నా వయసు 29. ఈ సిప్ 30 ఏళ్లు కట్టాలని మొదలుపెట్టాను. ఖర్చులు తీయక ముందు ఏడాదికి సగటున 11 శాతం వస్తుందనుకుని లెక్క వేశాను. అది హామీ కాదని నాకు తెలుసు; ఏ ఏడాదీ సరిగ్గా 11 రాదు, తగ్గే ఏళ్లు కూడా వస్తాయి. కానీ పోలిక కోసం రెండు వైపులా ఒకటే అంకె పెట్టుకోవాలి కదా. ఖర్చు పోగా డైరెక్ట్‌లో 10.8, రెగ్యులర్‌లో 10 మిగులుతుంది.

పదేళ్లకు డైరెక్ట్‌లో సుమారు 10 లక్షల 42 వేలు, రెగ్యులర్‌లో 9 లక్షల 99 వేలు. తేడా 43 వేలు. ఇరవై ఏళ్లకు తేడా 3 లక్షల 56 వేలు. ముప్పై ఏళ్లకు డైరెక్ట్‌లో ఒక కోటి 20 లక్షల 50 వేలు, రెగ్యులర్‌లో ఒక కోటి 3 లక్షల 14 వేలు. తేడా 17 లక్షల 36 వేలు. ఈ 30 ఏళ్లలో నా చేతి నుంచి వెళ్లే మొత్తం 18 లక్షలు. నేను జీతంలోంచి నెలనెలా తీసి కట్టే సొమ్ముకు దాదాపు సమానమైన మొత్తం ఆ 0.8 శాతం కింద పోతుంది.

లెక్క వేసి మా నాయనకు చూపిస్తే ఆయన నమ్మలేదు. ‘నూటికి ముప్పావలా కంటే కొంచెం ఎక్కువ, దానికి ఇంత పోతుందా పాపా?’ అన్నారు. దామలచెరువు దగ్గర మాకు బెంగళూరా మామిడి తోట ఉంది. కాయ మండీకి తోలితే కమీషన్ ఇస్తాం. ఆ లోడు మీద ఒక్కసారే ఇస్తాం, దాంతో ఆ లెక్క తీరిపోతుంది. మీ ఖర్చు అలా కాదు. అమ్మిన కాయ మీద కాకుండా ఏటా తోట మొత్తం విలువ మీద పడుతుంది, పైగా కాయల్లో కాదు, చెట్ల లెక్కన పోతుంది. ఈ ఏడాది ఒక మొక్క పోతే, పోయింది ఆ మొక్క ఒక్కటే కాదు; వచ్చే 27 ఏళ్లు అది కాయాల్సిన కాపు కూడా పోయినట్టే. నా 2,600 అలాంటి మొక్కే. అది ఈ రోజు నా ఖాతాలో ఉంటే, అదే 10.8 శాతం లెక్కన 27 ఏళ్లలో సుమారు 41 వేలు అవుతుంది. మొదటి మూడేళ్ల తప్పు ఒక్కదాని విలువే అది. నాయన అప్పుడు ఒప్పుకున్నారు. ‘తోట చిన్నగా ఉన్నప్పుడు ఎవరూ లెక్క అడగరు’ అన్నారు.

డిస్ట్రిబ్యూటర్లందరూ వద్దని నేను అనడం లేదు. ఫారాలు నింపి, కేవైసీ చేయించి, మార్కెట్ పడినప్పుడు భయపడి అమ్ముకోకుండా ఆపే మనిషి కావాలనుకునేవాళ్లు ఆ కమీషన్ తెలిసి ఇస్తే అది వాళ్ల ఇష్టం. నా ఫారం నేనే నింపాను, కేవైసీ నేనే చేయించుకున్నాను. ఏఆర్ఎన్ నంబరు గల ఆ మనిషి మూడేళ్లలో ఒక్కసారి ఫోన్ చేయలేదు. ఆయన పేరు నాకు ఈ రోజుకీ తెలియదు.

మీరే మారవచ్చు అన్న సలహా కూడా నాకు సమ్మతం కాదు. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడమంటే పన్ను లెక్కలో పాత యూనిట్లు అమ్మి కొత్తవి కొన్నట్టే. ఏడాది దాటిన యూనిట్ల లాభం 1 లక్షా 25 వేల పరిమితి లోపలే ఉంది కాబట్టి దాని మీద నాకు పన్ను పడదు. కానీ చివరి 12 వాయిదాల లాభం స్వల్పకాలికం కిందికి వచ్చి 20 శాతం పన్ను పడుతుంది. మొత్తం చిన్నదే. అయినా మీ వైపు జరిగిన తప్పు సరిదిద్దడానికి పన్ను నేనెందుకు కట్టాలి? పైగా కొత్త యూనిట్ల వయసు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కిస్తారు.

కాబట్టి నేను కోరుతున్నది ఇది. ఫారం ప్రకారం మొదటి వాయిదా నుంచీ ప్రతి నెలా ఆయా తేదీల డైరెక్ట్ ఎన్ఏవీతో యూనిట్లు తిరిగి కేటాయించి, సవరించిన స్టేట్‌మెంట్ పంపండి. వాయిదా వారీగా లెక్క కూడా జతచేయండి, నేను సరిచూసుకుంటాను. రాబోయే వాయిదాలు డైరెక్ట్‌లోకే వెళ్లేలా చేయండి. ఆ గడిలో నంబరు ఎలా వచ్చిందో విచారించి రాతపూర్వకంగా తెలియజేయండి. బ్రాంచిలో ఎన్ఏవీ గురించి అలాంటి మాట ఇకపై ఎవరికీ చెప్పకుండా సిబ్బందికి సూచన ఇవ్వండి. ఆ రోజు తల ఊపిన పెద్దాయన ఏ ప్లాన్‌లో ఉన్నారో కూడా చూడమని మనవి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ మదుపరి

జతపరిచినవి: దరఖాస్తు జిరాక్స్, మీరు పంపిన స్కాన్ కాపీ, మే నెల స్టేట్‌మెంట్, 2 జులై నాటి మీ జవాబు, 30 ఏళ్ల లెక్క కాగితం.