గోడకు బిగించే పట్టీ రాలేదు, మీ దగ్గర్నుంచి జవాబూ రాలేదు

వినియోగదారుల సేవా విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: పసిపాప గది కోసం మీ వద్ద కొన్న సొరుగుల బీరువాతో పాటు గోడకు బిగించే సామగ్రి రాకపోవడం, ఆ మాట అడిగినందుకు మీ సిబ్బంది మమ్మల్ని తిప్పిన తీరు.

అయ్యా,

మేము మీ సంస్థకు కొత్తవాళ్లం కాము. మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు క్రిబ్ మీ దగ్గరే కొన్నాము. దాని చువ్వల మధ్య ఎడం 6 సెంటీమీటర్లు దాటలేదు, పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు లేదు, పక్కలు కిందికి జారే రకం కాదు. కొలతలు తెలిసినవాళ్లు చేసిన వస్తువు అని అప్పట్లో నలుగురికీ చెప్పాము. ఇప్పుడు చెల్లెలు పుట్టబోతోందని తెలిసినప్పుడు కూడా మరో దుకాణం వైపు చూడకుండా సొరుగుల బీరువా, దాని పైన అమర్చే డైపర్ మార్చే ట్రే, నైట్ ల్యాంప్ అన్నీ మీ దగ్గరే తీసుకున్నాము. ఆ నమ్మకానికి మీరు ఇచ్చిన ప్రతిఫలం గురించే ఈ లేఖ.

బీరువా చక్కగా వచ్చింది, గీత కూడా పడలేదు. దానితో వచ్చిన అమరిక పుస్తకం చివరి బొమ్మలో బీరువా వెనుక పైభాగాన రెండు పట్టీలు గోడకు బిగించి ఉన్నాయి, ఆ పక్కనే త్రిభుజంలో ఆశ్చర్యార్థకం ఉంది. బీరువా వెనుక చట్రానికి ఆ పట్టీల కోసం రెండు రంధ్రాలు కూడా ముందే వేసి ఉన్నాయి. పట్టీలు మాత్రం లేవు. పెట్టెలు, అట్టలు, థర్మాకోల్ అన్నీ విప్పి వెతికాము. ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, అడిగితే పంపిస్తారులే అనుకుని మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

మొదట ఫోన్ ఎత్తిన అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడి, రాని భాగం ఫొటో తీసి పంపమన్నాడు. రాని వస్తువుకు ఫొటో ఎలా తీయాలో నాకు అర్థం కాక, ఖాళీ రంధ్రాలకు ఫొటో తీసి పంపాను. మర్నాడు వచ్చిన జవాబులో ఫొటోలో ఏ భాగమూ కనిపించడం లేదనీ, స్పష్టమైన ఫొటో పంపాలనీ ఉంది. మీ విభాగంలో ఎవరైనా ఆ మాట రాసి, మళ్లీ చదువుకుని, పంపించారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

తర్వాత మాట్లాడిన ఆమె, పట్టీలు అదనపు సామగ్రి మాత్రమేననీ, అవి లేకపోయినా బీరువా వాడుకోవచ్చనీ అన్నారు. నేను కారణం వివరించబోతే, "ఇంకా బోర్లా కూడా పడని పాప బీరువా ఎక్కుతుందా సార్?" అని నవ్వారు. ఆ నవ్వుకు ఇక్కడ జవాబు చెప్పుకోనివ్వండి, ఎందుకంటే ఫోన్‌లో ఎవరూ వినలేదు.

సొరుగులన్నీ మూసి ఉన్నంత సేపు బీరువా బరువు నాలుగు కాళ్ల మధ్యనే ఉంటుంది, అది ఎటూ కదలదు. సొరుగు బయటికి లాగగానే అందులోని బరువు ముందు కాళ్లను దాటి ముందుకు వస్తుంది. రెండు సొరుగులు ఒకేసారి లాగి, పైదాని అంచు మీద ఎవరైనా చేయి మోపితే ముందు కాళ్ల మీద తూగి మొత్తం బీరువా ముందుకు ఒరుగుతుంది. మీ బీరువా వెనుక పలక పలుచని ప్లైవుడ్, బరువంతా ముందువైపు సొరుగుల్లోనే ఉంది. నేనూ మా బావమరిదీ చెరో పక్క పట్టుకుని పరీక్షించి చూశాము. పై రెండు సొరుగుల్లో డైపర్లు, బట్టలు నింపి పూర్తిగా లాగి, అంచు మీద అరచేత్తో నొక్కగానే వెనుక కాళ్లు నేలను వదిలాయి.

మీరు అమ్మిన వస్తువును సక్రమంగా వాడినా పరిస్థితి ఇదేనని మీ సిబ్బందికి తట్టలేదు. ట్రే మీద పాపను పడుకోబెట్టాక ఒక చేయి ఎప్పుడూ పాప మీద ఉండాలని మీ పుస్తకమే హెచ్చరిస్తుంది. అంటే డైపర్, తుడిచే గుడ్డ, మార్చాల్సిన జత బట్టలు అన్నీ రెండో చేతికి అందాలి. అందుకోసం పై సొరుగులు తెరిచి ఉంచుకునే మారుస్తాము. పైన పాప, ముందుకు వచ్చిన సొరుగులు, వాటి మీద ఆనుకున్న పెద్దవాళ్ల చేయి. బీరువా బోల్తా పడటానికి ఇంతకంటే అనువైన సమయం ఉండదు. పాప ఎక్కకపోయినా, మూడేళ్ల మా పెద్దవాడు చెల్లెల్ని చూడాలని కింది సొరుగు లాగి దాని మీద నిలబడటానికి నిమిషం పట్టదు. ఆ మాట కూడా చెప్పాను. పిల్లలను గదిలోకి రానివ్వకండి అని సలహా వచ్చింది. పిల్లల గదిలోకి!

సామాను బోల్తా పడి పిల్లలు చనిపోతున్నారనే అమెరికాలో 2022లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. దాని కింద వచ్చిన తప్పనిసరి ప్రమాణం ప్రకారం 2023 సెప్టెంబరు నుంచి తయారయ్యే సొరుగుల బీరువాలను, సొరుగులు నింపి, తెరిచి, పిల్లవాడు వాటి మీద వేలాడినంత బరువు పెట్టి పరీక్షించాలి. గోడకు బిగించే సామగ్రిని బీరువాతోనే ఇవ్వాలి. అదనపు సామగ్రి అని మీవాళ్లు కొట్టిపారేసిన వస్తువు ఇదే.

మరో రోజు దొరికిన ప్రతినిధి మరింత తెలివైన ఉపాయం చెప్పారు. బీరువా పైన ఏదైనా బరువు పెట్టమన్నారు. పైన బరువు పెరిగితే ఒరగడం మరింత తేలికవుతుందని, పెడితే గిడితే కింది సొరుగులోనే పెట్టాలని, అయినా ఆ సొరుగు తెరిచినప్పుడు ఆ బరువు కూడా ముందుకే వస్తుందని చెప్పాను. "ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాము" అన్నారు. ఫోన్ పెట్టిన వెంటనే నా సమస్య పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారనే ప్రశ్నతో సహా.

చివరికి, నేను ఆశ వదులుకున్నాక, ఒక చిన్న పొట్లం వచ్చింది. అందులో రెండు పట్టీలు, చెక్కకు బిగించే నాలుగు పొట్టి మరలు ఉన్నాయి. ఆ మరలు గోడ వెనుక కొయ్య చట్రం ఉన్న ఇళ్లకు పనికొస్తాయి. మాది ఇటుక గోడ. ఇటుక గోడలో గిలాబా పొరను దాటి ఇటుకలోకి దిగేలా డ్రిల్లుతో రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దిగగొట్టి, దానికి సరిపడే మరను బిగించాలి. మర బిగిసేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని ఇటుకను పట్టుకుంటుంది, పట్టు అంతా అక్కడే ఉంది. ఉత్త మరను గిలాబాలోకి బిగిస్తే, బీరువా ఒరిగిన క్షణంలో సున్నపు పొడితో సహా ఊడి చేతికి వస్తుంది. వడ్రంగి కూడా అదే చెప్పి, ఇలాంటి మరలతో బిగించి పేరు చెడగొట్టుకోనని వెళ్లిపోయాడు.

ఈ సంగతి చెప్పడానికి మళ్లీ ఫోన్ చేస్తే, కిట్ అందినట్టు మీ సిస్టమ్‌లో ఉంది కాబట్టి ఫిర్యాదు మూసేశామన్నారు. కొత్త ఫిర్యాదు పెట్టుకోమన్నారు. పెట్టాను. ప్లగ్గులు బయట ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చన్నారు. కొనుక్కోగలను, అదేమీ పెద్ద ఖర్చు కాదు. కానీ మీ వారంటీ కాగితంలో ఇతరుల భాగాలు వాడితే వారంటీ చెల్లదని రాసి ఉంది. సరే, ఏ మందం ప్లగ్గు, ఎంత పొడవు మర వాడితే మీకు అభ్యంతరం లేదో ఒక్క వాక్యం రాసి పంపమన్నాను. అలా రాసి ఇచ్చే అధికారం తమకు లేదన్నారు. ఉన్నవాళ్ల పేరు చెప్పమంటే, ఆ అధికారమూ లేదన్నారు. నా లైను ఒకరి నుంచి ఒకరికి బంతిలా తిరిగి, చివరికి మీ కంపెనీ పాట దగ్గర ఆగిపోయింది.

నైట్ ల్యాంప్ సంగతి క్లుప్తంగా రాస్తాను. వెలుతురు బాగుంది. నీలి ఛాయ లేని పసుపు ఎరుపు వెలుగు, డైపర్ అంటింపులు కనిపించేంత మాత్రమే, పాప కళ్లలో పడకుండా కుర్చీ వెనుక నేల దగ్గర పెట్టుకున్నాము. కానీ దాని రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ ఉంది, ఆ మూత మరతో బిగించి లేదు, గోటితో తెరుచుకుంటుంది. అలాంటి బ్యాటరీ మింగిన పిల్లల అన్నవాహిక 2 గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మా పెద్దబ్బాయి వయసు పిల్లలే ఎక్కువగా మింగుతారని మా డాక్టరు గారు చెప్పి, రిమోట్ బీరువా పైన కూడా పెట్టవద్దన్నారు. ఇది మీకు రాస్తే, ల్యాంప్ రంగులు మార్చుకునే పద్ధతిని బొమ్మలతో సహా పంపించారు. దానికి నేను కృతజ్ఞతలు చెప్పాలి కాబోలు.

ప్రస్తుతం ఆ గది ఎలా ఉందో కూడా తెలుసుకోండి. క్రిబ్ పక్కనే, చేయి చాస్తే అందేలా రావాల్సిన బీరువాను, ఒరిగితే క్రిబ్ మీద పడుతుందనే భయంతో ఖాళీ చేసి, ముఖం గోడకు తిప్పి నిలబెట్టాము. డైపర్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. నేల మీద చాప వేసి, దాని మీద మారుస్తున్నాము. నేల మీద నుంచి ఎవరూ కింద పడరు కాబట్టి భద్రత విషయంలో మాకు లోటు లేదు, ఆపరేషన్ అయిన నా భార్య రాత్రిపూట నేల మీదికి వంగి లేవడమే కష్టం. అందుకే కదా ఎత్తుగా ఉన్న ఆ బీరువా కొన్నది.

మా గోడకు తగిన ప్లగ్గులు, మరలు మీరే పంపి, మీ మనిషి చేత బిగించి, లాగి చూపించండి. లేదా బీరువాను, ట్రేను తీసుకెళ్లి డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి. రిమోట్ కూడా తీసుకెళ్లండి. ఇవి రెండూ కాక, పట్టీలు అదనపు సామగ్రి అని చెప్పమని మీ సిబ్బందికి నేర్పినది ఎవరో, ఆ మాట ఇంకెందరు తల్లిదండ్రులకు చెప్పారో రాతపూర్వకంగా తెలియజేయండి. నాకు డబ్బు కంటే ఈ జవాబే ముఖ్యం.

పదిహేను రోజుల్లోగా సంతకం ఉన్న జవాబు రాకపోతే, ఫోన్ సంభాషణల వివరాలు, మీ సందేశాలు, ఖాళీ రంధ్రాల ఫొటో అన్నీ జతచేసి వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. ఈ బీరువా కొన్నవాళ్లందరూ చదివేలా మీ ఉత్పత్తి పేజీలోనూ ఇదంతా రాస్తాను. ఈ లేఖకు కూడా ముందే అచ్చువేసి పెట్టుకున్న ధన్యవాదాలు వస్తే, దానిని మీ తుది జవాబుగానే పరిగణిస్తాను.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు

జతపరిచినవి: కొనుగోలు రసీదు నకలు, అమరిక పుస్తకం చివరి పేజీ, రాని భాగం ఫొటో