నీ ప్రమోషన్ కాగితం చదివాను

చిన్నీ,

నువ్వు పంపిన మూడు పేజీలు నిన్న రాత్రి ఒకసారి, ఈరోజు పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి చదివాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ మూడు పేజీల్లో నువ్వు చేసిన పనులు ఇరవై రెండు ఉన్నాయి. లెక్కపెట్టాను. ఏడాదిన్నరగా ఎంత కష్టపడ్డావో చూస్తే కడుపు నిండింది. కానీ చదవడం అయ్యాక, నిన్ను పై గ్రేడ్‌లోకి ఎందుకు తీసుకోవాలో ఒక్క మాటలో చెప్పమంటే కన్నతల్లిని నేనే చెప్పలేకపోయాను. నీ మొహం కూడా చూడనివాళ్లు ఏం చెబుతారు?

ప్రమోషన్లు తేల్చే మీటింగుల్లో నేను తొమ్మిదేళ్లు కూర్చున్నాను. పది పన్నెండు మంది మేనేజర్లు ఉంటారు, ఒక్కో పేరుకి ఐదారు నిమిషాలు దొరుకుతాయి. నువ్వు ఆ గదిలో ఉండవు. నీ తరఫున మాట్లాడేది మీ మేనేజర్ ఒక్కరే. పక్క విభాగం వాళ్లు ప్రశ్న వేసినప్పుడు ఆవిడ నోటికి మాట అందించేది నీ కాగితమే. ఇరవై రెండు పనుల్లో ఏది ముందు చెప్పాలో ఆవిడే వెతుక్కోవాల్సి వస్తే ఆ ఐదు నిమిషాలు వెతుకులాటకే సరిపోతాయి. అందుకే ఇరవై రెండింటిలో మూడే ఉంచు. మిగతావి పోయాయని బాధపడకు, వాటిని నీ దగ్గర వేరే ఫైల్లో దాచుకో, అడిగితే పనికొస్తాయి.

ఉంచాల్సిన వాటిలో మొదటిది రిఫండ్ల పని. నువ్వు రాసిన వాక్యం ఇది: "రిఫండ్ దరఖాస్తులు తేల్చే సమయాన్ని 9 రోజుల నుంచి 4 రోజులకు తగ్గించాను." చదవగానే బాగుంది. అయితే మొన్న ఫోన్లో నువ్వే చెప్పావు, మే 1 నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి ఒక సంతకం అంచె ఎత్తేశారని. ఆ గదిలో సాఫ్ట్‌వేర్ విభాగం నుంచి కూడా ఒకరు ఉంటారమ్మా. "అది మేం చేసిన మార్పు కదా" అని ఆయన ఒక్క మాటంటే చాలు, నీ మిగతా అంకెలన్నిటి మీదా అనుమానం వస్తుంది. అలా కావడం నేను కళ్లారా చూశాను. పని నిజంగా చేసిన మనిషే, అయినా ఒక్క అంకెలో ఎక్కువ చెప్పినందుకు ఆ ఏడు ఆగిపోయాడు.

నీ అదృష్టం ఏమిటంటే రెండు మార్పులూ ఒకేసారి రాలేదు. సాఫ్ట్‌వేర్ మే మొదట్లో వచ్చింది. వచ్చిన దరఖాస్తును అదే రోజు చూసి, పత్రాలన్నీ ఉన్నవి, ఒకటి తక్కువైనవి, వివాదం ఉన్నవి అని మూడు వరసలుగా వేరు చేసే నీ పద్ధతి జూన్ 15న మొదలైంది. అంటే మే నెల మొత్తం సాఫ్ట్‌వేర్ ఉంది, నీ పద్ధతి లేదు. ఆ నెల సగటు 7 రోజులన్నావు. ఇక లెక్క తేలిపోయింది: 9 నుంచి 7 వాళ్లది, 7 నుంచి 4 నీది. ఐదు రోజులు నావే అనడం కంటే మూడు రోజులు నావి అని చూపించడమే నీకు బలం, ఎందుకంటే ఆ మూడింటిని ఎవరూ లాక్కోలేరు.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. దరఖాస్తులు తగ్గినందువల్ల వేగం పెరిగిందా అన్నది ఒకటి. నెలకు 1,400 వచ్చేవి ఇప్పుడు 1,350 వస్తున్నాయంటున్నావు కాబట్టి ఆ భయం లేదు, కానీ ఆ అంకె కాగితం మీద ఉండాలి. తొందరలో తప్పులు పెరిగాయా అన్నది రెండోది. ఇది నువ్వు అసలు రాయలేదు. తేల్చేశాక మళ్లీ తెరవాల్సి వచ్చిన ఫైళ్లు వందకు 6 ఉండేవి 5 అయ్యాయని నీ నెలవారీ రిపోర్ట్‌లో ఉంది కదా, దాన్ని పక్కనే పెట్టు. ఇవన్నీ కలిపి నేనైతే ఇలా రాస్తాను:

"రిఫండ్ దరఖాస్తు తేలడానికి ఏప్రిల్ వరకు సగటున 9 రోజులు పట్టేది. మే నెలలో సాఫ్ట్‌వేర్ మార్పుతో 7 రోజులకు వచ్చింది. జూన్ 15 నుంచి నేను ప్రతిపాదించి అమలు చేసిన మూడు వరసల పద్ధతితో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 4 రోజులకు దిగింది. దరఖాస్తులు నెలకు 1,400 వచ్చేవి, ఇప్పుడు 1,350 వస్తున్నాయి, అంటే దాదాపు అంతే. మళ్లీ తెరిచిన ఫైళ్లు వందకు 6 నుంచి 5కి తగ్గాయి. ఇప్పుడు మరో రెండు టీములు ఇదే పద్ధతి వాడుతున్నాయి."

చివరి వాక్యం నీ డ్రాఫ్ట్‌లో రెండో పేజీ అడుగున ఎక్కడో ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. పని బాగా చేశావని మిగతావి చెబుతాయి. నీ పని నీ టీమ్ దాటి వెళ్లిందని అదొక్కటే చెబుతుంది. ఇప్పుడున్న గ్రేడ్‌లో బాగా చేస్తే మంచి రేటింగ్ ఇస్తారు, జీతం కొంచెం పెంచుతారు. ప్రమోషన్ మాత్రం పై గ్రేడ్ పని ఇప్పటికే చేస్తున్నవాళ్లకి ఇస్తారు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని బాధపడతారు.

బాధ్యతల గురించి రాసిన చోట నువ్వూ అక్కడే తడబడ్డావు. "నాపై పని భారం బాగా పెరిగింది" అన్నావు. భారం పెరగడం వేరు, బాధ్యత పెరగడం వేరు తల్లీ. రోజుకు ముప్ఫై ఫైళ్లు చూసేదానివి యాభై చూస్తున్నావనుకో, అది భారం. ఏ ఫైల్ పైకి పంపాలో, ఏది ఇక్కడే తేల్చాలో నువ్వు నిర్ణయిస్తున్నావనుకో, అది బాధ్యత. నీ డ్రాఫ్ట్‌లోని ప్రతి పని పక్కనా ఒక ప్రశ్న రాసుకో: ఇందులో నిర్ణయం ఎవరిది, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది ఎవరు? రెండింటికీ "నేనే" అని వచ్చినవి మాత్రమే ఉంచు.

ఆ లెక్కన చూస్తే నీకు రెండు మిగులుతాయి. కొత్తగా చేరిన ఇద్దరికి పద్నాలుగు నెలలుగా నువ్వే పని నేర్పిస్తున్నావు, వాళ్ల ఫైళ్ల మీద చివరి మాట నీదే. మీ మేనేజర్ సెలవులో ఉన్న ఆరు వారాలు వారపు మీటింగు నువ్వు నడిపావు. నువ్వు ఆరు వారాల సంగతికి అర పేజీ ఇచ్చి, పద్నాలుగు నెలల సంగతిని ఒక్క ముక్కలో తేల్చేశావు. తిరగేయి. ఆరు వారాలు ఎవరైనా నెట్టుకొస్తారని వాళ్లు అనుకుంటారు. రెండు అప్రైజల్స్ పొడుగునా నిలబడిన పనిని మాత్రం కొట్టిపారేయలేరు. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు ఎవరి సాయం లేకుండా వివాదాల ఫైళ్లు చూస్తున్నారని చెప్పావు చూడు, అది రాయి.

హెచ్‌ఆర్ దగ్గర పై గ్రేడ్‌కి ఉండాల్సిన అర్హతల పత్రం ఉంటుంది, అడిగి తెచ్చుకో. అందులోని ప్రతి వాక్యానికి ఎదురుగా నీ దగ్గరున్న రుజువు రాయి. ఎక్కడో ఒకచోట ఖాళీ వస్తుంది. నీకైతే వేరే విభాగాలతో కలిసి నిర్ణయాలు తీసుకోవడం దగ్గర వస్తుందని నా అంచనా, అక్కడ నీకు ఆ రెండు టీముల సంగతి ఒక్కటే ఉంది. ఆ ఖాళీని మాటలతో నింపకు. "ఇందులో నాకు ఒక అనుభవం ఉంది, వచ్చే మూడు నెలల్లో ఫలానాది చేపడుతున్నాను" అని రాయి. లోపాన్ని నువ్వే ముందు చెబితే మీ మేనేజర్ జవాబు సిద్ధం చేసుకుని వెళ్తారు. వేరేవాళ్లు బయటపెడితే ఆవిడ ఇరుకున పడతారు.

ఇక ఎప్పుడు ఇవ్వాలి అన్నది. జనవరిలో ఇస్తానన్నావు. అప్పటికి ఆలస్యమవుతుంది. మీ ఆఫీసులో ప్రమోషన్లు మార్చిలో ప్రకటిస్తారు, తేల్చే మీటింగు జనవరి చివర్లో, పేర్లు పైకి వెళ్లేది డిసెంబరు మధ్యలో అని నువ్వే చెప్పావు. అంతకు ముందే నవంబరులో బడ్జెట్ వేసేటప్పుడు ఏ విభాగానికి ఎన్ని అన్నది దాదాపు ఖాయమైపోతుంది. జనవరిలో ఎంత మంచి కాగితం ఇచ్చినా లెక్కలో లేని పేరు కొత్తగా చేరదు. ఆగస్టు, సెప్టెంబరు అంకెలు చేతికొచ్చాయి కాబట్టి ఈ అక్టోబరులోనే ఇవ్వాలి. కాగితం చేతికిచ్చి వచ్చేయకు. "ఈ విడతలో నా పేరు పంపే ఆలోచన ఉందా? లేకపోతే ఏం తక్కువైంది?" అని నోరు తెరిచి అడుగు. వచ్చిన జవాబును అదే రోజు నాలుగు లైన్ల ఈమెయిల్‌గా ఆవిడకే పంపు.

ఈమెయిల్ ఎందుకంటున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు నేను చేసిన ఒక ఉద్యోగంలో మా పై అధికారి "ఈసారి నీదేనమ్మా" అని మూడుసార్లు అన్నారు. మీటింగుకి రెండు నెలల ముందు ఆయన బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినాయన మంచివాడే, "మీ గురించి ఏమైనా రాసి ఉందా?" అని అడిగారు. ఒక్క ముక్క కూడా లేదు. అన్నీ నోటిమాటలే. మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఇప్పటికీ నా మనసులో గుచ్చుకుంటాయి. మీ మేనేజర్ వేరే విభాగానికి వెళ్లొచ్చని ఆఫీసులో అనుకుంటున్నారన్నావు కదా. అది నిజమైతే, వెళ్లే ముందే నీ పని గురించి ఆవిడ చేత నాలుగు మాటలు రాయించుకో. మొహమాటపడకు.

కొట్టేయాల్సినవి కూడా చెప్పేస్తాను. మూడో పేజీలో "నాలుగేళ్లుగా ఇదే గ్రేడ్‌లో ఉన్నాను" అన్న వాక్యం తీసేయి. అది నిజమే, నీ బాధ నాకు తెలుసు, కానీ ఎన్నేళ్లున్నావన్నది ఆ గదిలో ఎవరినీ కదిలించదు. నీతో చేరిన అమ్మాయికి పోయిన ఏడు వచ్చిందన్న మాట అసలే వద్దు, చర్చ నీ మీద నుంచి ఆ అమ్మాయి మీదకు పోతుంది. ఇవి పోతే ఒకటిన్నర పేజీ అవుతుంది, అంతే చాలు.

ఒక్క పని మాత్రం ఇవాళే చెయ్యి. మే నెల సగటు 7 అన్నది నువ్వు గుర్తున్నంతలో చెప్పావో, చూసి చెప్పావో నాకు తెలియదు. రిపోర్ట్‌లోంచి మళ్లీ తీసి చూడు. 7 కాక 6 అయితే నీ వాటా రెండు రోజులే, అప్పుడు ఆ పేరా మార్చి రాయాలి. శుక్రవారంలోగా కొత్త డ్రాఫ్ట్ పంపు. శనివారం పొద్దున ఫోన్ పెట్టుకుని ఇద్దరం కలిసి చదువుదాం. నేను ఆ సాఫ్ట్‌వేర్ విభాగం ఆయనలా ప్రశ్నలు వేస్తాను, నువ్వు జవాబు చెబుదువుగాని.

అమ్మ