వార్షిక నివేదిక: హాలు తాళాలు నెల ఆలస్యంగా ఎందుకు తీసుకున్నాం

సభ్యులందరికీ నమస్కారం. సమావేశాలు, సభ్యత్వాలు ఎప్పటిలాగే సాగాయి, ఆ లెక్కలు విడిగా పంపాం. ఈ ఏడాది ఎక్కువ మంది అడిగింది హాలు గురించే. పని అయిపోయిందని కాంట్రాక్టర్ అక్టోబర్‌లో రాస్తే, తాళాలు నవంబర్‌లో ఎందుకు తీసుకున్నారు అని.

అక్టోబర్ 6న ఆయన ఆర్కిటెక్ట్‌కు ఉత్తరం రాసి, మనకు కాపీ పంపారు. పని దాదాపు పూర్తయింది, ప్రాక్టికల్ కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వండి అని అడిగారు. వెంట మిగిలిన 9 చిన్న పనుల జాబితా, ఒక్కోదానికీ తేదీ. గోడకు రెండో కోటు 10న, కిటికీ పిడులు 12న, అలా. ‘త్వరలో చేస్తాం’ అని వదిలేయకుండా తేదీలు వేయడం మంచి పద్ధతే.

అయితే ఆ సర్టిఫికెట్ వట్టి కాగితం కాదు. మన ఒప్పందంలో ఆ రోజుతో ఆలస్యపు జరిమానా ఆగిపోతుంది. బిల్లుల్లో పట్టి ఉంచిన 5 శాతంలో సగం వదిలేయాలి. భవనం బీమా, బాధ్యత మన మీదకి వస్తాయి. లోపాలు సరిచేసే 12 నెలల గడువు అప్పుడే మొదలవుతుంది. చిన్న పనులు మిగిలినా ఇవ్వొచ్చు, కానీ అవి హాలు వాడకానికి అడ్డు రాకూడదు.

జాబితాలో ఏడోది ‘బాత్రూమ్ ఫ్లోర్ టచప్, అక్టోబర్ 14’. ఆర్కిటెక్ట్ ఒక బకెట్ నీళ్లు కుమ్మరించారు. నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వచ్చి, గంట తర్వాత కూడా అక్కడే నిలిచి ఉన్నాయి. టైల్స్ లేపి, వాటం సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేయాలి. ఇది టచప్ ఎలా అవుతుంది? తొమ్మిదోది వెనక ఎమర్జెన్సీ తలుపు. సగం తెరుచుకుని నేలకు రాసుకుంటోంది. జాబితాలోనే లేనిది ఇంకొకటి, కరెంటు వైరింగ్ టెస్ట్ రిపోర్ట్.

ఈ మూడు కారణాలూ రాసి ఆర్కిటెక్ట్ సర్టిఫికెట్ నిరాకరించారు. కాంట్రాక్టర్‌కు కోపం వచ్చింది. రోజూ జరిమానా పడుతుంటే ఆయన టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. ఆ మధ్యలో మనమే ఒక తప్పు చేయబోయాం, అక్టోబర్ 20కి హాల్లో ఒక ఫంక్షన్ ఖరారు చేశాం. వాడుకోవడం మొదలుపెడితే స్వాధీనం చేసుకున్నట్టే లెక్క, ఇక సర్టిఫికెట్ ఆపి ప్రయోజనం ఉండదని ఆర్కిటెక్ట్ హెచ్చరించారు. రద్దు చేశాం, కొందరు నొచ్చుకున్నారు.

రెండో ఉత్తరం నవంబర్ 3న వచ్చింది. బాత్రూమ్‌లో నీళ్లు నింపి 24 గంటలు ఉంచితే కింద చెమ్మ కనపడలేదు. జాలీ తెరిస్తే నీళ్లన్నీ పోయాయి. తలుపు పూర్తిగా తెరుచుకుంది, టెస్ట్ రిపోర్ట్ చేతికొచ్చింది. నాలుగు చిన్న పనులను తేదీలతో జత చేసి 5న సర్టిఫికెట్ ఇచ్చారు. వాటిలో మూడు గడువులోపే అయ్యాయి. స్టోర్‌రూమ్ కిటికీ పిడి మాత్రం నవంబర్ 15 దాటినా రాలేదు. అది ఇంకా ఆయన ఖాతాలోనే ఉంది, బిల్లుల్లో పట్టి ఉంచిన సొమ్ములో మిగతా సగం మన దగ్గరే ఉంది.

హాల్లో ఏ లోపం కనిపించినా ఫోటో తీసి, తేదీ వేసి ఆఫీసు రిజిస్టర్‌లో రాయండి. వచ్చే నవంబర్ 4 దాకా వాటిని కాంట్రాక్టరే తన ఖర్చుతో సరిచేయాలి.